కూచిపూడి, సినిమా డాన్స్ రెండూ నేర్పే అకాడమీకి ఏ పేరు పెట్టాలి?

ఒకే హాలులో సాయంత్రం ముందు కూచిపూడి తరగతి, ఆ తర్వాత సినిమా డాన్స్ తరగతి జరిగే సంస్థకు పేరు వెతికేవారి ఇబ్బంది మిగతా నృత్య సంస్థలకు ఉండదు. కూచిపూడి మాత్రమే నేర్పే గురువుగారు ఇష్టదైవం పేరు పక్కన ‘నాట్యాలయం’ అని చేర్చుకుంటే సరిపోతుంది. సినిమా డాన్స్ మాత్రమే నేర్పే మాస్టారు ‘డాన్స్ స్టూడియో’ అని బోర్డు పెట్టుకుంటే ఎవరికీ సందేహం రాదు. రెండూ నేర్పే చోట మాత్రం ఏ మాట ఎంచుకున్నా ఒక పక్షం విద్యార్థి ‘ఇది మనకు కాదేమో’ అనుకొని గుమ్మం దగ్గరే ఆగిపోయే అవకాశం ఉంది. అందుచేత ఇక్కడ పేరు అందంగా ఉందా లేదా అన్నది రెండో ప్రశ్న. ఆ పేరు ఎవరిని లోపలికి రమ్మంటోంది, ఎవరిని తెలియకుండానే బయట నిలబెడుతోంది అన్నది మొదటి ప్రశ్న.

సాధారణంగా ఇలాంటి సంస్థలవారి ముందుకు వచ్చే పేర్లు నాలుగు రకాలు: శాస్త్రీయ సంప్రదాయం నుంచి తీసుకున్నవి, స్టూడియో సంస్కృతి నుంచి తీసుకున్నవి, రెండింటినీ ‘మరియు’తో కలిపినవి, రెండు శైలులకూ ఉమ్మడిగా ఉన్న అంశం నుంచి తీసుకున్నవి. నా అభిప్రాయం నాలుగో రకం వైపే ఉంది, అయితే ఆ రకంలోనూ పనికిరాని మాటలు చాలా ఉన్నాయి కనుక అసలు ఎంపిక అక్కడే మొదలవుతుంది.

ఒక పక్షానికి చెందిన పేర్లు

‘నాట్యం’, ‘నటరాజ’, ‘కళాక్షేత్రం’, ‘మువ్వలు’, ‘ముద్ర’ వంటి మాటలతో కట్టిన పేర్లకు గొప్ప బలం ఉంది. పిల్లను ఏడేళ్ల వయసులో చేర్పించి అరంగేట్రం దాకా నేర్పించాలనుకునే తల్లిదండ్రులకు ఆ పేరు చూడగానే నమ్మకం కలుగుతుంది, ఆహ్వానపత్రిక మీద ముద్రించినా నిండుగా ఉంటుంది. కానీ అదే పేరు చూసిన పదహారేళ్ల కుర్రవాడికి, కాలేజీ వార్షికోత్సవానికి ఒక పాట నేర్చుకుందామని వచ్చినవాడికి, లోపల నేల మీద కూర్చుని శ్లోకం చెప్పాల్సి వస్తుందేమోనన్న బెరుకు కలుగుతుంది. పెళ్లిలో సంగీత్ కోసం నెల రోజులు నేర్చుకోవాలనుకునే పెద్దవాళ్లు కూడా అలాంటి బోర్డు చూసి ఫోను చేయరు. వాళ్లు అడగకుండానే వెళ్లిపోతారు కాబట్టి సంస్థ నడిపేవారికి ఆ నష్టం కనబడదు.

‘కళాక్షేత్రం’ అన్న మాట గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1936లో రుక్మిణీదేవి అరండేల్ మద్రాసులో స్థాపించిన సంస్థ వల్ల ఆ మాటకు ఒక నిర్దిష్టమైన శిక్షణా సంప్రదాయం అంటుకుని ఉంది. ఆ బాణీతో సంబంధం లేనివారు ఆ పేరు పెట్టుకుంటే శాస్త్రీయ నృత్యం తెలిసినవారికి అది చెప్పకనే చెప్పిన వంశావళిలా కనిపిస్తుంది, తెలియనివారికి ఏ ఉపయోగమూ ఉండదు.

ఇక ‘స్టెప్స్’, ‘బీట్స్’, ‘మూవ్స్’, ‘స్టూడియో’ వంటి మాటలు సినిమా డాన్స్ విద్యార్థికి వెంటనే అర్థమవుతాయి. అద్దాలున్న హాలు, పెద్ద స్పీకర్లు, ట్రాక్ ప్యాంటుతో రావచ్చు, నచ్చిన పాట అడగవచ్చు అన్న సంకేతాలన్నీ ఆ ఒక్క మాటలో ఉంటాయి. చిక్కంతా పదేళ్లు కష్టపడి రంగప్రవేశానికి సిద్ధమైన కూచిపూడి విద్యార్థిని విషయంలో వస్తుంది. ఆమె ఆహ్వానపత్రిక మీద గురువుగారి పేరు కింద ‘స్టెప్స్ స్టూడియో’ అని అచ్చు వేయాల్సి వచ్చినప్పుడు ఆ కుటుంబం పడే ఇబ్బందిని తేలికగా తీసుకోకూడదు. పత్రిక చదివే సంగీత విద్వాంసులు, ఇతర గురువులు ఆ పేరును బట్టే ఆమె శిక్షణను అంచనా వేస్తారు, అది న్యాయం కాకపోయినా.

ఈ రెండు రకాల్లో ఏదో ఒకటి తప్పనిసరి అయితే ఎలా ఎంచుకోవాలన్న ప్రశ్నకు సమాధానం సంఖ్యలో లేదు. ఏ పక్షం విద్యార్థులు ఎక్కువమంది ఉన్నారో ఆ పేరు పెట్టడం సహజంగా తోచినా, ఎక్కువకాలం ఉండే విద్యార్థులు ఎవరో చూడటం మంచిది. సినిమా డాన్స్‌లో ఒక్క పాట కోసం వచ్చి వెళ్లేవారు ఎక్కువ, శాస్త్రీయ విద్యార్థి ఏళ్ల తరబడి ఉంటుంది. ఆ పేరును మోసేది ఎక్కువగా ఆమే.

రెండింటినీ కలిపిన పేర్లు

‘ఫలానా క్లాసికల్ అండ్ వెస్ట్రన్ డాన్స్ అకాడమీ’ అన్న నమూనా బోర్డుల మీద ఎక్కడపడితే అక్కడ కనిపిస్తుంది. అందులో దాపరికం లేదన్నది నిజమే. అయితే మూడు లోపాలున్నాయి. మొదటిది, సినిమా డాన్స్ వెస్ట్రన్ కాదు. తెలుగు పాటకు కట్టే నృత్యంలో జానపదం, మాస్ స్టెప్పులు, శాస్త్రీయ ఛాయలు అన్నీ ఉంటాయి, కనుక ఆ మాట ఎవరినీ సరిగ్గా పిలవదు. రెండోది, ఏది ముందు రాస్తే అది పెద్దదిగా, వెనక రాసింది పిల్లలకు పెట్టిన ఆటవిడుపుగా కనిపిస్తుంది. మూడోది, రేపు జానపదమో పేరిణియో చేర్చితే పేరు మళ్లీ మార్చాలి. అన్నిటికీ మించి ఇంత పొడవైన పేరును ఎవరూ పూర్తిగా పలకరు. ‘క్లాసికల్ అకాడమీ’ అనో ‘వెస్ట్రన్ క్లాస్’ అనో కుదించుకుంటారు, దాంతో వద్దనుకున్న విభజనే జనం నోట స్థిరపడుతుంది.

‘ఫ్యూజన్’ అన్న మాటతో ఈ సమస్య తీరుతుందనుకునేవారు ఉన్నారు. తీరదు సరికదా కొత్తది పుడుతుంది. ఫ్యూజన్ అంటే రెండూ కలిపి చేసే మూడో నృత్యం. మీ సంస్థలో కూచిపూడి కూచిపూడిగా, సినిమా డాన్స్ సినిమా డాన్స్‌గా నేర్పుతున్నప్పుడు ఆ మాట వాడితే, శాస్త్రీయ విద్యార్థి తల్లిదండ్రులు తమ పాప నేర్చుకునే అడవుల్లో, అంటే కూచిపూడి మౌలిక అడుగుల్లో, సినిమా స్టెప్పులు కలుపుతారేమోనని భయపడతారు.

రెండు విభాగాలకు రెండు వేర్వేరు పేర్లు పెట్టే పద్ధతి కూడా ఉంది. ఉపాధ్యాయులిద్దరూ రేపు విడిపోతామనుకుంటే అది తెలివైన పనే. కలిసి నడపాలనుకుంటే మాత్రం అది ఒకే కప్పు కింద రెండు వాకిళ్లు పెట్టినట్టవుతుంది, విద్యార్థులు ఒక తరగతి నుంచి మరోదానికి మారడం కష్టమవుతుంది. కూచిపూడి అమ్మాయి సెలవుల్లో సినిమా డాన్స్ నేర్చుకోవడం, సినిమా డాన్స్ కుర్రవాడు తాళజ్ఞానం కోసం రెండు నెలలు అడవులు నేర్చుకోవడం ఇలాంటి సంస్థకు ఉన్న అసలు లాభం.

ఉమ్మడి నేల మీది పేర్లు

రెండు శైలుల మధ్య గోడ మనం అనుకునేంత ఎత్తైనది కాదు. ‘దేవదాసు’ తీసిన వేదాంతం రాఘవయ్య కూచిపూడి కళాకారుడిగా వచ్చి సినిమాల్లో నృత్య దర్శకుడై, ఆపైన దర్శకుడయ్యారు. ‘మాయాబజార్’కు నృత్యాలు కూర్చిన పసుమర్తి కృష్ణమూర్తి కూడా కూచిపూడి నుంచి వచ్చినవారే. కనుక రెండింటికీ సొంతమైన మాట వెతకడం బలవంతపు కలుపుగోలు కాదు, అలాంటి మాటలు ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. వెతకవలసింది ఎక్కడంటే రెండు తరగతుల్లోనూ ఉపాధ్యాయుడు నోటితో పలికే మాటల్లో.

ముందుగా తోచేది ‘లయ’. రెండు తరగతుల్లోనూ లయ తప్పితే తిడతారు, అర్థం అందరికీ తెలుసు, రెండక్షరాలే. దీనికున్న ఇబ్బంది అర్థంలో లేదు, వాడకంలో ఉంది. నృత్య సంస్థలకు, సంగీత పాఠశాలలకు, ఆడపిల్లలకు ఈ పేరు ఎంత విరివిగా పెట్టారంటే ఇంటర్‌నెట్‌లో వెతికినవారు మిమ్మల్ని చేరడం అనుమానమే. ‘లయ’ ఎవరినీ దూరం చేయదు, ఎవరికీ గుర్తుండదు.

‘తాళం’ అర్థంలో సరిగ్గా సరిపోతుంది, కానీ తలుపుకు వేసే తాళం ఆ మాటను ఎప్పటికీ వదలదు. తరగతి సెలవు రోజున బోర్డు కింద నిజంగానే తాళం వేలాడుతుంటే చమత్కారాలకు కొదవ ఉండదు. ‘గతి’ శాస్త్రంలో చక్కని మాట, చతురశ్ర గతి, తిశ్ర గతి అని రోజూ అంటాం. అయితే ఇళ్లలో ‘నా గతి ఇంతే’ అన్న వాడుకే ముందు వినబడుతుంది. ‘వేదిక’ రెండు పక్షాలకూ కావలసిందే, కానీ ఆ మాట వినగానే పెళ్లి మంటపమో సభాభవనమో గుర్తుకొస్తుంది, ‘ఆ తేదీకి హాలు ఖాళీగా ఉందా’ అని ఫోన్లు రావడం ఖాయం. ‘అభినయ’ బాగానే ఉంటుంది, కాకపోతే నటన నేర్పే సంస్థ అనుకుంటారు.

నిలబడే మాటలు నా దృష్టిలో రెండున్నాయి.

ఒకటి ‘చరణం’. పాదం అన్న అర్థం ఎలాగూ ఉంది, దానికి తోడు కీర్తనలోనూ సినిమా పాటలోనూ పల్లవి తర్వాత వచ్చేది చరణమే. కూచిపూడి తరగతిలో గురువుగారు ‘చరణం నుంచి మళ్లీ’ అంటారు, సినిమా డాన్స్ తరగతిలో మాస్టారు ‘రెండో చరణం స్టెప్పులు చూపించు’ అంటారు. ఏ పక్షమూ అరువు తెచ్చుకోని మాట ఇది. ఆహ్వానపత్రిక మీద హుందాగా, టీషర్టు మీద కూడా తేలికగా ఉంటుంది. Charanam అన్న రాత దాదాపు అందరి చేతా ఒకేలా టైప్ అవుతుంది. బలహీనత చెవిలో ఉంది: మైకులో గానీ ఫోనులో గానీ పలికితే సగంమందికి ‘శరణం’ అని వినబడుతుంది, అప్పుడు సంస్థ నృత్యానిది కాక భక్తి సంఘానిది అనిపిస్తుంది.

రెండోది ‘దరువు’. కూచిపూడి యక్షగానంలో, కలాపంలో పాత్ర తెర వెనుక నుంచి వచ్చి తననుతాను పరిచయం చేసుకునే పాట ప్రవేశ దరువు. భామాకలాపంలో సత్యభామ ప్రవేశ దరువు తెలియని కూచిపూడి విద్యార్థి ఉండదు. అదే మాట బయట డప్పు మీద, బల్ల మీద, బిందె మీద వేసే దెబ్బకు పేరు. ఏ మాస్ పాట గురించి మాట్లాడినా ‘దరువు అదిరింది’ అనడం కుర్రవాళ్లకు అలవాటే. ఇలా రెండు పక్షాలూ వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే మాట దగ్గర కలుస్తారు. శాస్త్రీయ విద్యార్థికి అందులో తన ప్రవేశం కనిపిస్తుంది, సినిమా డాన్స్ విద్యార్థికి తన బీటు వినిపిస్తుంది.

దీనికీ పరిమితులున్నాయి. మీరు నేర్పేది భరతనాట్యం అయితే ఈ మాటకు అంత పట్టు ఉండదు, అప్పుడు ‘చరణం’ మేలు. కూచిపూడి గురించి తెలియని పెద్దవాళ్లకు ‘దరువు’ కొంచెం మోటుగా, డప్పుల బృందం పేరులా అనిపించవచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో Daruvu, Dharuvu అని రెండు రకాలుగా రాస్తారు కాబట్టి రెండు వెబ్ చిరునామాలనూ ముందే తీసుకుని ఒకదాన్ని మరోదానికి మళ్లించాలి. తెలుగు రానివారు ఎక్కువగా ఉండే చోట ఈ పేరుకు వివరణ ఇవ్వకుండా గడవదు.

పేరు చివరి మాట

మొదటి మాట మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా రెండో మాట మీద పెట్టరు, నిజానికి ఎవరికి చోటుందో తేల్చేది చాలాసార్లు అదే. ‘దరువు నాట్యాలయం’ అంటే శాస్త్రీయ సంస్థ, ‘దరువు డాన్స్ స్టూడియో’ అంటే సినిమా డాన్స్ చోటు. ముందున్న ఉమ్మడి మాటను చివరి మాట ఒక పక్కకు లాగేస్తుంది.

‘అభినయ దర్పణం’ అనే ప్రాచీన నాట్య గ్రంథం నృత్తం, నృత్యం, నాట్యం అని విడివిడిగా నిర్వచించినా, నేటి వాడుకలో ‘నాట్యం’ శాస్త్రీయ పక్షానికి వెళ్లిపోయింది, ‘డాన్స్’ రెండో పక్షానికి వెళ్లింది. మధ్యలో మిగిలినది ‘నృత్యం’. శాస్త్రీయ నృత్యం అంటాం, జానపద నృత్యం అంటాం, పాత సినిమా టైటిల్స్‌లో కూడా ‘నృత్య దర్శకత్వం’ అని వేసేవారు. ‘అకాడమీ’ కూడా అలాంటిదే. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో స్థాపించిన సంస్థకు కూచిపూడి ఆర్ట్ అకాడమీ అనే పేరు పెట్టారు కనుక ఆ మాటను శాస్త్రీయ పక్షం పరాయిదిగా చూడదు, సినిమా డాన్స్ పక్షానికి అది ఎలాగూ అలవాటే. అందుచేత ‘నృత్య అకాడమీ’ అన్న తోక రెండు పక్షాలకూ సరిపోతుంది.

ఒక్క జాగ్రత్త అవసరం. ‘నృత్య’ను ఇంగ్లీషులో Nritya, Nruthya, Nrithya అని ఎవరికి తోచినట్టు వారు రాస్తారు. తెలుగు బోర్డు మీద ‘నృత్య అకాడమీ’ అని రాసుకుని, వెబ్ చిరునామాలో మాత్రం ఆ మాట లేకుండా మొదటి మాటకు academy చేర్చుకోవడం సుఖం.

శైలుల పేర్లు సంస్థ పేరులో కాక, దాని కింద చిన్న అక్షరాల పంక్తిలో ఉండాలి. ఆ పంక్తిలో రెండింటినీ ఒకే భాషలోకి తేవాలన్న ఆశ పెట్టుకోకూడదు. ‘కూచిపూడి, సినీ నృత్యం’ అని రాస్తే వినడానికి పొందికగా ఉంటుంది కానీ ఏ కుర్రవాడూ తాను సినీ నృత్యం నేర్చుకుంటున్నానని చెప్పడు. ‘కూచిపూడి • సినిమా డాన్స్’ అని ఎవరి మాట వారికి ఇచ్చి, రెండింటినీ ఒకే సైజు అక్షరాల్లో రాస్తే చాలు. పేరు ఎంత సమంగా ఉన్నా పక్కన నటరాజ విగ్రహం బొమ్మ ఒక్కటే వేస్తే, లేదా టోపీ పెట్టుకుని గాలిలోకి ఎగిరే మనిషి నీడ ఒక్కటే వేస్తే, చేసిన పనంతా వృథా అవుతుంది. ఉమ్మడి పేరుకు బొమ్మ లేకపోయినా నష్టం లేదు.

నిర్ణయానికి ముందు పరీక్ష

మిగిలిన రెండు మూడు పేర్లను తెలిసినవారికి చూపించి ‘బాగుందా’ అని అడగడం వల్ల ప్రయోజనం తక్కువ. మర్యాద కోసం అందరూ బాగుందనే అంటారు. దానికి బదులు, ఏ వివరణా ఇవ్వకుండా, కింది పంక్తి కూడా చూపకుండా, పేరు ఒక్కటే కాగితం మీద రాసి శాస్త్రీయ విద్యార్థులు కొందరికి, సినిమా డాన్స్ వైపువారు కొందరికి విడివిడిగా ఇచ్చి ‘ఇక్కడ మొదటి రోజు తరగతికి ఏం వేసుకుని వెళ్తారు?’ అని అడగండి. ఈ ప్రశ్నకు మర్యాద అడ్డురాదు. అందరూ ప్రాక్టీసు చీర, చుడీదారు అంటే పేరు శాస్త్రీయం వైపు ఒరిగిందని, అందరూ ట్రాక్ ప్యాంటు, షూస్ అంటే అటువైపు ఒరిగిందని తెలిసిపోతుంది. ‘ఏ క్లాసుకి?’ అని ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే ఆ పేరు మీకు పనికొస్తుంది.

తర్వాత అదే పేరును మూడు వాక్యాల్లో పెట్టి బిగ్గరగా చదవాలి. ‘చరణం నృత్య అకాడమీ విద్యార్థిని కూచిపూడి రంగప్రవేశానికి తమరిని సాదరంగా ఆహ్వానిస్తున్నాము’ అన్నది మొదటి వాక్యం. ‘నెక్స్ట్ పెర్ఫార్మెన్స్, టీమ్ చరణం!’ అని పోటీలో యాంకర్ అరిచినట్టు పలకడం రెండోది. ‘హలో, చరణం అకాడమీ అండి’ అని ఫోను ఎత్తడం మూడోది. ఈ చివరి వాక్యాన్ని నిజంగానే ఫోనులో చెప్పి, అవతలివారిని విన్నది రాయమనాలి. ‘చరణం’ మొదటి రెండింటిలో నెగ్గి మూడోదానిలో తడబడుతుంది. ‘దరువు’ రెండు, మూడు వాక్యాల్లో సులువుగా నెగ్గి మొదటి దానిలో కొద్దిగా మొరటుగా వినిపిస్తుంది, అయితే ‘నృత్య అకాడమీ’ అన్న తోక తోడుంటే ఆ మొరటుతనం చాలావరకు సర్దుకుంటుంది. ఫోనులో తప్పు వినబడే పేరు రోజూ ఇబ్బంది పెడుతుంది, ఆహ్వానపత్రిక ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. అందుకే కూచిపూడి, సినిమా డాన్స్ కలిసిన సంస్థకైతే నేను ‘దరువు నృత్య అకాడమీ’ వైపే మొగ్గుతాను.

చట్టపరమైన సంగతి కొద్దిగా చూసుకోవాలి. ‘నృత్య అకాడమీ’, ‘డాన్స్ స్కూల్’ వంటి వర్ణనాత్మకమైన మాటల మీద సాధారణంగా ఎవరికీ సొంత హక్కు దొరకదు, హక్కు కోరగలిగేది ముందున్న ప్రత్యేకమైన మాటకే. శిక్షణ, వినోద సేవలు ట్రేడ్‌మార్క్ వర్గీకరణలో 41వ తరగతి కిందికి వస్తాయి కనుక అక్కడ అదే పేరుతోనూ, పలికితే అలాగే వినబడే పేరుతోనూ వెతకాలి. ఇది బోర్డు రాయించక ముందు చేసే పని.

ఇప్పటికే ‘నాట్యాలయం’ అనో ‘స్టూడియో’ అనో నడుస్తున్న సంస్థలవారికి పేరంతా మార్చమని సలహా ఇవ్వను. పాత విద్యార్థుల సర్టిఫికెట్ల మీద ఆ పేరే ఉంది, వారికి అది ఎక్కడో ఒకచోట చూపించాల్సిన కాగితం. ముందున్న సొంత మాటను అలాగే ఉంచి, చివరి మాటను ‘నృత్య అకాడమీ’గా మార్చి, కింద శైలుల పంక్తి చేర్చితే పని చాలావరకు జరుగుతుంది. కొత్త సర్టిఫికెట్లలో మాత్రం కొన్నేళ్లపాటు పాత పేరును ‘పూర్వనామం’ అని చిన్న అక్షరాల్లో వేయిస్తూ ఉండాలి.